ఎనిమిది కంట్రోలర్లు, ఒకే టీవీ: బ్లూటూత్‌తో నా ప్రాజెక్టు డైరీ

1వ రోజు

టీవీ కింద ఒక చిన్న పీసీ పెట్టాను, అందులో లినక్స్ ఉంది. దాని మీద ఎనిమిది మంది ఒకేసారి కూర్చుని ఆడే పార్టీ గేమ్స్ నడవాలి, ఎవరి చేతిలోనూ వైరు ఉండకూడదు. ఇదీ నేను పెట్టుకున్న పని. కంట్రోలర్లు ఎనిమిదీ పీఎస్4వి, అన్నీ ఒకే రకం కావాలని పట్టుబట్టి పోగేశాను, ఎందుకంటే రకానికొకటి ఉంటే ఏదైనా తేడా వచ్చినప్పుడు అది కంట్రోలర్ వల్లనా, కనెక్షన్ వల్లనా అన్నది తేలదు.

విండోస్‌లో చాలా ఆటలు వాడే ఎక్స్‌ఇన్‌పుట్‌కి నాలుగు కంట్రోలర్ల పరిమితి ఉంది, ఐదోది కనెక్ట్ అయినా దాని ద్వారా ఆటకి కనిపించదు. లినక్స్‌లో ఆ గొడవ లేదు కాబట్టి ఇక మిగిలేది రేడియో సంగతేనని మొదలుపెట్టాను.

పీసీలో ఉన్న బ్లూటూత్‌తోనే జత చేయడం మొదలుపెట్టాను. షేర్ బటన్, పీఎస్ బటన్ కలిపి నొక్కి పట్టుకుంటే లైటు గబగబా మెరుస్తుంది, అప్పుడు `bluetoothctl`లో `pair`, `trust`, `connect`. నాలుగు కంట్రోలర్ల దాకా ఎక్కడా ఆగలేదు. ఐదోది జత చేయగానే అందరివీ ఒకేసారి నత్తనడక మొదలుపెట్టాయి. తమ్ముడు ఆడుతూ ఆడుతూ "అన్నయ్యా, నేను స్టిక్ వదిలేశాను, నా బొమ్మ ఇంకా పరిగెడుతూనే ఉంది" అన్నాడు. ఈ లక్షణాన్ని గుర్తుపెట్టుకోండి, చాలా పనికొస్తుంది. బటన్ పాడైతే బొమ్మ కదలదు, లేదా దానికదే అడపాదడపా కదులుతుంది. అదే రేడియో తడబడితే కంట్రోలర్ చివరగా పంపిన స్థితి ఏదైతే ఉందో పీసీ దాన్నే పట్టుకుని కూర్చుంటుంది, "స్టిక్ వదిలేశాడు" అనే కబురు అందేదాకా బొమ్మ గోడకి గుద్దుకుంటూ అలాగే పోతుంది.

ఐదో కంట్రోలర్‌నే అనుమానించి గంటసేపు దాన్ని తీసి పెట్టి, పెట్టి తీసి చూశాను. అసలు కారణం పక్క టెర్మినల్‌లో ఉంది. `scan on` అని కొట్టి ఆపకుండా వదిలేశాను. కొత్త పరికరాల కోసం వెతికేటప్పుడు అదే రేడియో గాలిలో అటూ ఇటూ తిరిగి కేకలు వేస్తూ ఉంటుంది, ఆ సమయంలో ఇప్పటికే ఉన్నవాటిని పలకరించలేదు. ఒక్కో వెతుకులాట మామూలుగా 10.24 సెకన్లు నడుస్తుంది, పైగా `scan on` దాన్ని మళ్లీ మళ్లీ మొదలుపెడుతూ ఉంటుంది. నలుగురు ఉన్నప్పుడు ఖాళీ సమయం ఉంది కాబట్టి తేడా తెలియలేదు, ఐదుగురికి బయటపడింది. `scan off` కొట్టగానే అందరివీ ఒక్కసారిగా సర్దుకున్నాయి.

అప్పట్నుంచి కంట్రోలర్ దొరికిన మరుక్షణం స్కాన్ ఆపేస్తున్నాను, ఆ తర్వాతే `pair`. ఆట మధ్యలో కొత్త కంట్రోలర్‌ని జత చేయడం అనేది అసలు లేదు. ఎవరైనా ఆలస్యంగా వచ్చి తమ సొంత కంట్రోలర్ తెచ్చినా రౌండు అయ్యేదాకా ఆగాల్సిందే.

స్కాన్ ఆపాక ఆరోది ఎక్కింది, ఏడోది ఎక్కింది. ఎనిమిదోది మాత్రం ససేమిరా అంది. లైటు మెరుస్తూ మెరుస్తూ ఆరిపోతోంది. ఇంకో టెర్మినల్‌లో `sudo btmon` పెట్టి చూస్తే స్పష్టంగా ఈ లైను:

```
Status: Connection Limit Exceeded (0x09)
```

ఈ లైను చూశాక బ్యాటరీనో, కంట్రోలర్‌నో అనుమానించే పని లేకుండా పోయింది. జత చేయడం కుదరనప్పుడు ఇంకేం చేసే ముందైనా `btmon` తెరిచి చూడమని గట్టిగా చెప్తాను. కంట్రోలర్ లైటు ఎందుకు ఆరిందో ఆ లైటుని చూస్తే తెలియదు, ఇక్కడ కారణం మాటల్లో రాసి ఉంటుంది.

2వ రోజు

ఏడే ఎందుకు? క్లాసిక్ బ్లూటూత్‌లో ఒక పెద్ద చుట్టూ కొన్ని పరికరాలు చేరితే ఆ గుంపుని పికోనెట్ అంటారు. ఇక్కడ పెద్ద అంటే పీసీలోని రేడియో. పెద్ద తన కింద ఉన్న ప్రతి పరికరానికీ ఒక చిన్న చిరునామా ఇస్తుంది, దానికి కేటాయించింది మూడు బిట్లు. మూడు బిట్లతో 0 నుంచి 7 దాకా ఎనిమిది అంకెలు వస్తాయి, అందులో 0 అందరికీ ఒకేసారి చెప్పే మాటకి పోతుంది. మిగిలినవి ఏడు. పీఎస్3లో ఏడు కంట్రోలర్లు అని ఆ వింత సంఖ్య ఎందుకుండేదో ఇది తెలిశాక నాకు అర్థమైంది. ఏ సాఫ్ట్‌వేర్ మార్చినా ఒక రేడియోతో ఈ లెక్క మారదు. తక్కువ శక్తితో నడిచే బ్లూటూత్ ఎల్‌ఈలో ఈ మూడు బిట్ల చిరునామా లేదు, కానీ కంట్రోలర్ ఎల్‌ఈ రకం అయ్యుండాలి, నావి కావు.

ఏడు అనేది చిరునామాల పరిమితి మాత్రమే. ఏడుగురికీ హాయిగా ఉంటుందా అన్నది వేరే లెక్క, నా ఉద్దేశంలో అదే ముఖ్యమైనది. పెద్ద సమయాన్ని 625 మైక్రోసెకన్ల ముక్కలుగా, అంటే స్లాట్లుగా కోస్తుంది. ఒక స్లాట్‌లో "నీ దగ్గర ఏముంది?" అని ఒక కంట్రోలర్‌ని అడుగుతుంది, తర్వాతి స్లాట్‌లో అది జవాబిస్తుంది. కంట్రోలర్ తనంతట తాను మాట్లాడకూడదు, అడిగితేనే చెప్పాలి. ఒక ప్రశ్న, ఒక జవాబు కలిపి 1.25 మిల్లీసెకన్లు. ఏడుగురిని వరసగా అడిగితే ఒక చుట్టు 8.75 మిల్లీసెకన్లు. 60 ఫ్రేములతో నడిచే ఆటలో ఒక ఫ్రేము సుమారు 16.7 మిల్లీసెకన్లు కాబట్టి ఇది బాగానే ఉంది.

కానీ జవాబు ఒక స్లాట్‌లో పట్టకపోతే మూడు స్లాట్ల ప్యాకెట్ కావాలి. అప్పుడు ప్రశ్నతో కలిపి నాలుగు స్లాట్లు, 2.5 మిల్లీసెకన్లు, ఏడుగురికి 17.5. ఫ్రేము దాటేసింది. పైగా ఇదంతా ఒక్క ప్యాకెట్ కూడా పాడవని ప్రశాంతమైన గాలిలో లెక్క. ఒకటి పాడైతే మళ్లీ పంపాలి, దానికి పట్టే సమయం మిగతా ఆరుగురి వాటాలోంచే పోతుంది. ఎవరో ఒకరు దూరంగా కూర్చుంటే, తగువు వాళ్ల కంట్రోలర్‌ది అయినా నష్టం అందరిదీ అన్నమాట.

అందుకే ఏడు కుదిరినా ఏడు పెట్టకూడదని నిర్ణయించుకున్నాను. రెండు రేడియోలు, నాలుగూ నాలుగూ. అలా చేస్తే ఒక్కో చుట్టు సగానికి కాస్త ఎక్కువే ఉంటుంది, మళ్లీ పంపడానికి ఖాళీ కూడా మిగులుతుంది.

ఈ రోజే కొలిచే పద్ధతి కూడా సిద్ధం చేసుకున్నాను, "కాస్త బాగుంది, కాస్త బాగోలేదు" అనే మాటలతో ఈ పని ముందుకి పోదు. చిక్కేమిటంటే, బటన్లు కదలకపోతే కెర్నల్ మనకి ఏ ఈవెంటూ ఇవ్వదు, కాబట్టి బల్ల మీద ఊరికే ఉన్న కంట్రోలర్ బాగుందో లేదో తెలియదు. కానీ పీఎస్4 కంట్రోలర్ లినక్స్‌లో ఒకటి కాదు, మూడు పరికరాలుగా కనిపిస్తుంది: అసలు గేమ్‌ప్యాడ్, టచ్‌ప్యాడ్, కదలికల సెన్సర్లు. ఆ మూడోది, `evtest` జాబితాలో `Motion Sensors` అని ఉండేది, కంట్రోలర్ కదలకపోయినా ఆగకుండా పంపుతూనే ఉంటుంది. దాని మీద ఈ చిన్న ముక్క నడిపితే చాలు:

```python
import sys, evdev
d = evdev.InputDevice(sys.argv[1])
last = None
for e in d.read_loop():
    if e.type == evdev.ecodes.EV_SYN:
        t = e.timestamp()
        if last and t - last > 0.03:
            print(d.uniq, round((t - last) * 1000), "ms")
        last = t
```

రెండు రిపోర్టుల మధ్య 30 మిల్లీసెకన్లు దాటితేనే అచ్చవుతుంది, పక్కన కంట్రోలర్ అడ్రస్ ఉంటుంది. 30 అని ఎందుకంటే సుమారు రెండు ఫ్రేములు, ఆ లోపు తేడాని మా ఇంట్లో ఎవరూ కనిపెట్టలేదు, దాటితే మాత్రం "ఇది సరిగ్గా పని చేయట్లేదు" అని వెంటనే అంటున్నారు. ఒక్కో కంట్రోలర్‌కి ఒక టెర్మినల్ తెరిచి వదిలేస్తాను. తెర మీద ఏమీ రాకపోతే అంతా బాగున్నట్టు.

3వ రోజు

రెండో రేడియో చేతికి వచ్చేలోపు ఒక్కదానితోనే ఆరుగురిని పెట్టి చూద్దామనుకున్నాను. మొన్న జత చేసినవే కాబట్టి పీఎస్ బటన్ నొక్కితే చాలు. ఐదు ఎక్కాయి, ఆరోది ఎక్కట్లేదు. మొన్న ఏడు ఎక్కిన చోట ఈ రోజు ఆరు ఎక్కకపోవడం ఏమిటి? పైగా ఎక్కిన ఐదింటిలో కూడా 50, 60 మిల్లీసెకన్ల ఖాళీలు పడుతున్నాయి.

`hcitool con` కొట్టి చూశాను. ఇది పాత పనిముట్టే, కొత్త వ్యవస్థల్లో విడిగా వేసుకోవాల్సి రావచ్చు, కానీ ఈ ఒక్క సంగతికి దీన్ని మించింది లేదు. ఐదు లైన్లు వచ్చాయి, నాలుగింటి చివర `lm MASTER`, ఒకదాని చివర `lm SLAVE`.

కథ ఇక్కడ ఉంది. బ్లూటూత్‌లో ఎవరు పిలిస్తే వాళ్లే పెద్ద. మొన్న జత చేసేటప్పుడు పిలిచింది పీసీ, కాబట్టి అన్నిటికీ పీసీయే పెద్ద. ఈ రోజు పీఎస్ బటన్ నొక్కితే పిలిచింది కంట్రోలర్, కాబట్టి కనెక్షన్ పుట్టేటప్పుడు కంట్రోలరే పెద్ద. ఆ వెంటనే ఇద్దరూ పాత్రలు మార్చుకోవాలి, నాలుగు కంట్రోలర్లు మార్చుకున్నాయి కూడా. ఒకటి మార్చుకోలేదు. అంటే నా పీసీ ఒక పక్క నలుగురికి పెద్దగా ఉంటూ, ఇంకో పక్క ఐదో కంట్రోలర్ నడిపే పికోనెట్‌లో చిన్నగా ఉంటోంది. అటు గడియారం వేరు, ఇటు గడియారం వేరు, ఒకే రేడియో రెండు ఇళ్ల మధ్య పరుగులు పెడుతోంది. ఖాళీలు పడుతున్నది అందుకే, ఆరోదాన్ని రానివ్వలేకపోతున్నదీ అందుకే.

మందు ఒక్క లైను:

```
sudo hciconfig hci0 lm ACCEPT,MASTER
```

బయటి నుంచి పిలుపు వస్తే "వస్తే రా, కానీ పెద్దని నేనే" అని చెప్పమని దీని అర్థం. కొట్టాక ఆ కంట్రోలర్‌ని ఆపి మళ్లీ పీఎస్ నొక్కితే `MASTER` అని వచ్చింది, ఆరోది వెంటనే ఎక్కింది, ఏడోది కూడా. పీసీ మళ్లీ మొదలైతే ఈ సెట్టింగు పోతుంది, అందుకని పీసీ మొదలైనప్పుడు నడిచే స్క్రిప్టులో పెట్టాను. లినక్స్‌లో బ్లూటూత్ నడిపే బ్లూజెడ్ కొత్త వెర్షన్లలో ఈ మాటల బదులు `CENTRAL`, `PERIPHERAL` అని కనిపిస్తాయి, చూసుకోండి.

4వ రోజు

రెండు యూఎస్‌బీ డాంగిళ్లు వచ్చాయి. పీసీలో ఉన్న బ్లూటూత్‌ని పూర్తిగా పక్కన పెట్టేశాను. అది వైఫైతో ఒకే చిప్ మీద, ఒకే యాంటెనాతో ఉంది, వైఫై 2.4 గిగాహెర్ట్జ్‌లో పని చేస్తున్నప్పుడు ఇద్దరూ వంతులు వేసుకుంటారు. పైగా ఆ యాంటెనా పీసీ డబ్బాలో, టీవీ వెనక, చెక్క బల్ల కింద ఉంది, ఎంత వంతులు కుదిరినా ఆ చోటు బాగోలేదు.

రెండు డాంగిళ్లు దగ్గర దగ్గరగా ఉంటే ఒకదానికొకటి అడ్డం పడవా అని మీకు అనిపించొచ్చు, నాకూ అనిపించింది. క్లాసిక్ బ్లూటూత్‌కి 79 ఛానళ్లు, సెకనుకి 1600 సార్లు ఒకదాని నుంచి ఇంకోదానికి గెంతుతుంది. ఏ వరసలో గెంతాలన్నది పెద్ద చిరునామా, పెద్ద గడియారం బట్టి ఉంటుంది కాబట్టి రెండు డాంగిళ్ల వరసలు వేరు. ఒకే క్షణంలో ఒకే ఛానల్ మీద పడే అవకాశం ఉజ్జాయింపుగా 79లో ఒకటి. పడితే ఆ ఒక్క ప్యాకెట్ మళ్లీ పంపుకుంటుంది, అంతే. ఏడుగురిని ఒక రేడియోలో ఇరికించడంతో పోలిస్తే ఇది అసలు లెక్కలోకే రాదు.

ఇక జత చేయడం. ఇక్కడ వరస చాలా ముఖ్యం, కారణాలు రెండు. ఒకటి, జత చేసిన తాళం డాంగిల్‌కి కట్టుబడి ఉంటుంది. `/var/lib/bluetooth` లోపల ఒక్కో డాంగిల్ అడ్రస్ పేరుతో ఒక్కో ఫోల్డర్, దాని లోపల కంట్రోలర్లు. ఒక డాంగిల్‌తో జత చేసిన కంట్రోలర్ రెండోదానికి పరాయిది, పీసీ ఒకటే అయినా సరే. రెండు, పీఎస్4 కంట్రోలర్ చివరగా జత అయిన ఒక్క అడ్రస్‌నే గుర్తుపెట్టుకుంటుంది, పీఎస్ నొక్కితే దాన్నే పిలుస్తుంది. ఈ రెండూ కలిస్తే మనకి లాభమే, నాలుగూ నాలుగూ అని ఒకసారి పంచితే ఆ పంపకం అలాగే నిలిచిపోతుంది, ప్రతిసారీ ఎవరు ఎటు అని చూసుకోనక్కర్లేదు. కానీ పంచేటప్పుడు తప్పు చేస్తే ఆ తప్పు కూడా అలాగే నిలిచిపోతుంది.

నేను చేసిన తప్పు అదే. `bluetoothctl` తెరిచి నేరుగా `pair` కొట్టుకుంటూ పోతే అన్నీ డిఫాల్ట్ డాంగిల్‌కే పోయాయి, రెండోది ఖాళీగా కూర్చుంది. `select` కొట్టి ఏ డాంగిలో చెప్పాలి. `hci0`, `hci1` అనే పేర్లు నమ్మకండి, పీసీ మళ్లీ మొదలైతే తారుమారు కావచ్చు, అడ్రస్‌నే వాడండి. ముందు అన్నిటినీ `remove` చేసి, పీసీలోని పాత బ్లూటూత్ దగ్గర కూడా తీసేసి, మళ్లీ మొదలుపెట్టాను. ఒక్కో కంట్రోలర్‌కి ఇలా:

```
select <డాంగిల్ అడ్రస్>
scan on
scan off
pair <కంట్రోలర్ అడ్రస్>
trust <కంట్రోలర్ అడ్రస్>
connect <కంట్రోలర్ అడ్రస్>
```

ఒక సమయంలో ఒక్క కంట్రోలర్‌నే జత మోడ్‌లో పెట్టాలి. అన్నీ ఒకే రకం కాబట్టి జాబితాలో అన్నిటి పేరూ `Wireless Controller` అనే వస్తుంది, రెండు ఒకేసారి మెరుస్తుంటే ఏ అడ్రస్ ఏదో తెలియదు. జత అయిన వెంటనే దాని వెనక ఒక రంగు టేపు అంటించి, అడ్రస్ చివరి నాలుగు అక్షరాలు రాశాను. ఎరుపు టేపు నాలుగూ ఎడమ డాంగిల్, నీలం నాలుగూ కుడి డాంగిల్. `trust` మర్చిపోతే ఈ రోజు పని చేస్తుంది, రేపు పీఎస్ నొక్కినప్పుడు పీసీ ఒప్పుకోవడానికి ఎవరినో అడగాలని చూస్తుంది, అడగడానికి తెర మీద ఎవరూ ఉండరు, కంట్రోలర్ మెరిసి ఆరిపోతుంది. "నిన్న బాగానే ఉంది కదా" అనే కేసుల్లో ముందు చూడాల్సింది ఇదే.

సాయంత్రానికి ఎనిమిదీ ఎక్కాయి. `hcitool con`లో ఎనిమిది లైన్లు, ఎనిమిదింటికీ `MASTER`. ఆ జాబితాని కాసేపు అలా చూస్తూ ఉండిపోయాను.

5వ రోజు

ఎనిమిది ఎక్కడం ఒక ఎత్తు, ఎక్కినవి నిలవడం ఇంకో ఎత్తు. లాగ్ స్క్రిప్టులు ఎనిమిదీ తెరిచి కంట్రోలర్లని బల్ల మీద వదిలేస్తే అరగంట దాకా ఒక్క లైను రాలేదు. ఆట మొదలుపెడితే మాత్రం ప్రతి కొత్త లెవెల్ లోడయ్యేటప్పుడు గుత్తులు గుత్తులుగా లైన్లు వచ్చి పడ్డాయి, 40, 80, ఒకసారి 200 దాటింది. లెవెల్ మొదలయ్యాక మళ్లీ నిశ్శబ్దం.

లోడయ్యేటప్పుడు మాత్రమే ఎందుకు? ఆటలన్నీ యూఎస్‌బీ 3 బయటి డిస్కులో ఉన్నాయి, ఆ డిస్కు కేబులు డాంగిల్ పక్క పోర్టులోనే ఉంది. యూఎస్‌బీ 3 పూర్తి వేగంతో డేటా పంపుతుంటే దాని కనెక్టరు, కేబులు నుంచి 2.4 గిగాహెర్ట్జ్ చుట్టూ రేడియో చప్పుడు బయటికి కారుతుంది. 2012లో ఇంటెల్ దీని మీద ఒక పత్రమే వేసింది. గోటి సైజు డాంగిల్ ఆ పోర్టుకి అంగుళం దూరంలో ఉంటే, మూడు మీటర్ల అవతల ఉన్న కంట్రోలర్ గొంతు ఆ చప్పుడులో ఎలా వినిపిస్తుంది? పరీక్ష సులువు, ఆట అక్కర్లేదు. కంట్రోలర్లని బల్ల మీదే వదిలేసి డిస్కు నుంచి ఒక పెద్ద ఫైలు కాపీ చేశాను. కాపీ మొదలవగానే లైన్లు, ఆగగానే నిశ్శబ్దం. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే.

ఒక్కో డాంగిల్‌కి మీటరు పొడవు యూఎస్‌బీ 2 ఎక్స్‌టెన్షన్ కేబులు వేసి, ఒకటి టీవీ ఎడమ మూలకి, ఒకటి కుడి మూలకి, తెర పై అంచు దగ్గర అంటించాను. కాపీ మళ్లీ నడిపితే తెర ఖాళీగా ఉంది. ఈ ప్రాజెక్టు మొత్తంలో ఇంత తక్కువ శ్రమతో ఇంత తేడా తెచ్చిన పని ఇంకోటి లేదు, ఎవరైనా ఒక్క సలహా అడిగితే ఇదే చెప్తాను.

పైన ఎందుకు పెట్టానంటే మనుషుల వల్ల. ఒంట్లో నీరు ఎక్కువ, 2.4 గిగాహెర్ట్జ్ దాన్ని దాటలేక నీరసపడిపోతుంది. ఎనిమిది మంది రెండు వరసల్లో కూర్చుంటే వెనక వరస కంట్రోలర్లకీ టీవీ కింద ఉన్న డాంగిల్‌కీ మధ్య ముందు వరస మనుషులే గోడ. డాంగిల్ తలల కంటే ఎత్తులో ఉంటే ఆ గోడ చాలా వరకు తప్పుతుంది.

తర్వాత వైఫై. బ్లూటూత్‌కి ఏ ఛానళ్లు పాడుగా ఉన్నాయో గమనించి వాటిని వదిలేసే తెలివి ఉంది. ఏవి వదిలేసిందో చూడొచ్చు:

```
$ sudo hcitool -i hci0 afh <కంట్రోలర్ అడ్రస్>
AFH map: 0xffffff0100c0ffffff7f
```

అన్నీ బాగుంటే మొత్తం `f`లే, చివర `7f`. ఇక్కడ మధ్యలో గుండు సున్నాలు ఉన్నాయి చూడండి. బైట్లు విప్పి లెక్కపెడితే 25 నుంచి 45 దాకా 21 ఛానళ్లు మూసేసింది, అంటే 2427 నుంచి 2447 మెగాహెర్ట్జ్. అది సరిగ్గా వైఫై 6వ ఛానల్. మా రౌటర్ ఉన్నది 6వ ఛానల్‌లోనే. ఇంకా 58 మిగిలాయి కాబట్టి ఇబ్బంది లేదు. కానీ చుట్టుపక్కల 1, 6, 11 మూడు ఛానళ్లూ బిజీగా ఉంటే, ఒక్కోటి 21 చొప్పున 63 పోయి మిగిలేవి 16 మాత్రమే. బ్లూటూత్ నియమం ప్రకారం కనీసం 20 వాడాలి, అంటే చప్పుడున్న వాటిలో కూడా గెంతక తప్పదు, పైగా రెండు డాంగిళ్లూ అదే కాసిని ఛానళ్లలో తిరుగుతూ ఒకదాన్నొకటి గుద్దుకోవడం పెరుగుతుంది. పక్కవాళ్ల రౌటర్లని మనం ఏమీ చేయలేం, మనదాన్ని చేయగలం. పీసీకి నెట్ కేబులు పెట్టాను, ఫోన్లన్నీ 5 గిగాహెర్ట్జ్‌కి మార్చాను. కాసేపటికి మ్యాప్‌లో సున్నాలు పోయి `f`లు తిరిగొచ్చాయి.

టీవీ శబ్దం కోసం బ్లూటూత్ స్పీకరు పెడదామని అక్క అంది, వద్దన్నాను. పాట ఆగకుండా పారాలి కాబట్టి అది కంట్రోలర్ల కంటే ఎన్నో రెట్లు స్లాట్లు తింటుంది. నింటెండో స్విచ్‌లో బ్లూటూత్ హెడ్‌ఫోన్లు పెడితే వైర్‌లెస్ కంట్రోలర్లు రెండుకి మించి ఒప్పుకోదు. స్పీకరుకి వైరే వేశాను.

6వ రోజు

అసలు ఆట రోజు. ఎనిమిది మంది వచ్చారు, ఎనిమిది మందీ ఒకేసారి పీఎస్ నొక్కారు. ఐదు ఎక్కాయి, మూడు మెరిసి ఆరిపోయాయి. ఒకేసారి నలుగురు పిలిస్తే డాంగిల్ ఒక్కొక్కరికే జవాబు చెప్పగలదు, మిగతావాళ్లు కాసేపు చూసి విసిగి ఆపేస్తారు. ఇంకో చిక్కు, ఎవరు ఎన్నో ప్లేయర్ అన్నది ఎక్కిన వరసని బట్టి ఉంటుంది. గుంపుగా నొక్కితే ఆ వరస లాటరీ. మేనకోడలు "నేను ఒకటో నంబరు కదా, నా బొమ్మ ఆకుపచ్చ ఎందుకుంది?" అని అడిగింది, నిజానికి ఆ పిల్ల మూడోది.

అన్నీ ఆపేసి, వరస పెట్టాను. ఒక్కొక్కరూ నొక్కాలి, లైటు మెరవడం ఆగి నిలకడగా వెలిగాక "వెలిగింది" అని పైకి చెప్పాలి, అప్పుడు పక్కవాళ్లు నొక్కాలి. ఎరుపు టేపు ఒకటి, నీలం టేపు ఒకటి, మళ్లీ ఎరుపు, మళ్లీ నీలం. అలా మార్చి మార్చి ఎక్కిస్తే ఒక డాంగిల్ కొత్తవాళ్లతో మాటలు ముగిస్తుండగా రెండోది పని మొదలుపెడుతుంది, తడబాటు లేదు. కూర్చున్న వరసలోనే నొక్కారు కాబట్టి ప్లేయర్ నంబర్లు సోఫా ఎడమ చివర నుంచి కుడి చివరకి వరసగా వచ్చాయి. ఎనిమిదీ వెలిగాకే ఆట తెరిచాను, ఎందుకంటే కొన్ని ఆటలు తెరిచే క్షణంలో ఉన్న కంట్రోలర్లనే చూస్తాయి. మొత్తం రెండు నిమిషాలు కూడా పట్టలేదు. కంట్రోలర్ లైటు రంగుని బట్టి నంబరు పోల్చుకోకండి, నా దగ్గర నాలుగు రంగులు అయ్యాక ఐదోవాళ్లకి మళ్లీ మొదటి రంగే వస్తోంది.

మధ్యలో తెగిపోతే ఏం చేయాలన్నది కూడా తేలింది. కంట్రోలర్లకి లినక్స్ ఇచ్చే `js0`, `js1` అనే నంబర్లలో ఏవి ఖాళీగా ఉంటే వాటిలో చిన్నది తిరిగొచ్చినవాళ్లకి దక్కుతుంది. ఒక్కరిదే తెగితే చింత లేదు, తిరిగొస్తే తన చోటే దొరుకుతుంది. ఇద్దరివి ఒకేసారి తెగితే చిన్న నంబరు వాళ్లు ముందు నొక్కాలి, లేకపోతే తారుమారు. తమ్ముడిది మూడు, అక్కది ఐదు, ఇద్దరివీ బ్యాటరీ అయిపోయి ఆగిపోయాయి. అక్క ముందు నొక్కేసి మూడో నంబరు బొమ్మలోకి దూరింది. ఇద్దరివీ ఆపించి, తమ్ముడు, తర్వాత అక్క అని నొక్కిస్తే సర్దుకుంది. ఇంకో జాగ్రత్త, కంట్రోలర్ చెప్పకుండా ఆగిపోతే పీసీకి వెంటనే తెలియదు. బ్లూటూత్‌లో మామూలు గడువు 20 సెకన్లు, అప్పటిదాకా అది ఇంకా ఉందనే అనుకుని ఆ నంబరుని అట్టేపెడుతుంది. ఆ లోపు ఎన్నిసార్లు నొక్కినా లాభం లేదు. ఆగలేకపోతే `bluetoothctl`లో `disconnect` కొట్టి చోటు ఖాళీ చేయండి.

మూడు గంటలు ఆడారు. రాత్రి లాగ్ తీసి చూస్తే ఎరుపు టేపు నాలుగింటికీ కలిపి పదకొండు లైన్లు, నీలం వాటిలో మూడింటికి రెండే రెండు. ఎనిమిదోదానికి మాత్రం అరవై పైన, అన్నీ 40, 50 మిల్లీసెకన్ల చుట్టూ. ఆ కంట్రోలర్‌ని తెచ్చి టీవీ ముందు పెట్టి చూస్తే శుభ్రంగా ఉంది, అంటే తప్పు దానిది కాదు, ఆ చోటుది. ఆ కుర్చీ పక్కనే ఇనుప బీరువా ఉంది, కుడి డాంగిల్‌కీ కుర్చీకీ మధ్య దాని అంచు అడ్డం వస్తోంది. రేపు కుడి డాంగిల్‌ని ఇంకో అడుగు పైకి జరిపి చూస్తాను, కుదరకపోతే ఆ ఒక్క కంట్రోలర్‌ని నీలంలోంచి తీసి ఎరుపులో జత చేస్తాను, ఐదూ మూడూ అవుతుంది, ఎడమ మూల నుంచి ఆ కుర్చీ నేరుగా కనిపిస్తోంది.